మెడ విదిలించే పిల్లవాడు

మా చీడికాడ మక్తబ్‌లో ఖుర్ఆన్ పాఠానికి వచ్చే పదేళ్ల బాలుడొకడు మెడను పక్కకు విదిలించేవాడు. కొన్నాళ్లకు గొంతు సవరించుకొనే శబ్దం కూడా తోడైంది. తోటి పిల్లలు ఒక పేరు పెట్టారు. తండ్రి అల్లరి అన్నారు, నాయనమ్మ దిష్టి అన్నారు. విశాఖపట్నంలో వైద్యుణ్ణి చూపిస్తే దీనిని టిక్ అంటారని తెలిసింది.

టిక్ కావాలని చేసే పని కాదు. సాధారణంగా నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య మొదలై, పది పన్నెండేళ్లకు తీవ్రమై, యౌవనంలో చాలామందికి తగ్గుతుంది. ఈ మధ్యలో కొన్ని వారాలు పెరుగుతుంది, కొన్ని వారాలు అణుగుతుంది. నిన్న లేనిది నేడు కనిపించినంత మాత్రాన నటన అనరాదు. తుమ్మును ఆపుకొన్నట్లు బిడ్డ దానిని కాసేపు ఆపుకోగలడు. కాని అప్పుడు మనసంతా ఆ ఆపడం మీదే ఉంటుంది, పాఠం చెవికెక్కదు. ‘ఆపు’ అని పదే పదే అంటే టిక్ మరింత పెరగవచ్చు.

వైద్యుడు సూచించిన సాధనను అమెరికా మనస్తత్వవేత్తలు నాథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ 1973లో వివరించారు. మొదట పని గమనించడమే. ఇంట్లో తల్లి దగ్గర రోజూ పది నిమిషాలు కూర్చొని, విదిలింపుకు ముందు ఏమనిపిస్తుందో బాలుడు చెప్పాలి. మెడ వెనుక బిగుసుకొన్నట్లుంటుందని అతడే కనుగొన్నాడు. ఆ బిగుతు రాగానే గడ్డం కాస్త దించి, చూపు ఎదుట నిలిపి, మెడ కండరాలను మెల్లగా బిగించి ఒక నిమిషం, లేదా ఆ కోరిక పోయేదాకా ఉండాలి. పుస్తకం ముందు కూర్చున్నవాడు ఇలా చేస్తే పక్కవాడికి తెలియదు. ఒకసారికి ఒక టిక్ మీదనే సాధన. ఎక్కువ బాధించేది ముందు.

గొంతు శబ్దానికైతే నోరు మూసి ముక్కుతో నిదానంగా ఊపిరి తీయాలి. పఠనంలో నోరు మూసేదెలా? ఆయత్ చివర వక్ఫ్ ఉన్నది కదా! అక్కడ అందరూ ఆగుతారు. అతడు కాస్త ఎక్కువసేపు ఆగినా ఎవరూ తిరిగి చూడరు.

తల్లికి ఒకటే నియమం: సాధన చేసినప్పుడు మెచ్చుకోవాలి, టిక్ వచ్చినప్పుడు ఏమీ అనకూడదు. తరగతిలో నేను సైగ కూడా చేయను. నా సైగను ముందుగా పట్టేసేది వెక్కిరించే పిల్లలే. బాలుడి అనుమతితో, అతడు నీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు, తక్కినవారికి విషయం ఒక్కసారి చెప్పాను. మారుపేర్లు పెట్టడాన్ని సూరా హుజురాత్ పదకొండవ ఆయత్ నిషేధించిందని గుర్తుచేశాను.

ఇది నివారణ కాదు. 2010లో వెలువడిన అమెరికా పరిశోధనలో, 126 మంది పిల్లలలో ఈ శిక్షణ పొందినవారిలో సుమారు సగం మందికి బాగా మేలు కలిగింది. కేవలం ఓదార్పు, వివరణ పొందినవారిలో ఐదుగురికి ఒకరికన్నా తక్కువ. బిడ్డకు టిక్ ఇబ్బందే కాకుంటే సాధన అవసరమూ లేదు. స్పృహ తప్పడం ఉంటే మాత్రం అది వేరే సమస్య, వెంటనే వైద్యుణ్ణి చూడాలి.

రెండు నెలలకు మా బాలుడి మెడ విదిలింపు చాలా తగ్గింది. అది సాధన వల్లనో, సహజంగా అణిగిన కాలమో నేను చెప్పలేను. గొంతు శబ్దం ఇంకా ఉంది. పరీక్షల వారంలో పెరిగింది. ఆ వారమూ ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తలేదు.