నానీమా దిద్దిన గ్రంథసూచి

మా మేనకోడలు మహబూబ్‌నగర్‌లో పి.జి. చదువుతోంది. మతం, స్త్రీ అనే అంశంపై వ్యాఖ్యలతో కూడిన గ్రంథసూచి తయారుచేయవలసి వచ్చింది. సెలవులకు నల్లగొండ వచ్చినప్పుడు మేమూ ఆమె పక్కన కూర్చున్నాము. ప్రతి గ్రంథం గురించి మూడు సంగతులు రాయాలి: అది ఏమి చెబుతోంది, ఏ ఆధారంతో చెబుతోంది, మన ప్రశ్నకు ఎంతవరకు పనికివస్తుంది.

మొదట ‘బిహిష్తీ జేవర్’ తీసుకున్నాము. మౌలానా అష్రఫ్ అలీ థానవీ 20వ శతాబ్ది తొలినాళ్ళలో స్త్రీల కోసం ఉర్దూలో రచించిన ఈ గ్రంథం మా నానీమా పెళ్ళినాటి నుండి మా ఇంట ఉంది. ‘ఆనాటి ముస్లిం స్త్రీలు ఇల్లు దాటకుండా జీవించేవారు’ అని సారాంశం రాసి ఆమెకు చదివి వినిపించాము.

“మరి మా అమ్మీ పాలమూరు చేలల్లో కలుపు తీసింది కదా బేటా! ఆమె ముస్లిం కాదా?” అన్నారు నానీమా.

మా పొరపాటు అప్పుడు తెలిసింది. ఆ గ్రంథం స్త్రీలు ఎలా జీవించాలో బోధిస్తుంది. ఎలా జీవించారో నమోదు చేయదు. అయితే అందులో చరిత్ర లేకపోలేదు. ఆరవ భాగంలో మౌలానా అనేక ఆచారాలను ఖండించారు. అంతగా ఖండించారంటే అవి ఆయన చుట్టూ ఉన్న ఉత్తరాది సమాజంలో వాడుకలో ఉన్నట్లే. పాలమూరుకు మాత్రం అది సాక్ష్యం కాదు. సారాంశం కొట్టివేసి ఈ మాటలే రాశాము.

బార్బరా మెట్‌కాఫ్ 1990లో వెలువరించిన ఆంగ్లానువాదాన్నీ చేర్చాము. అది కొన్ని భాగాలకే అనువాదం. ఆ సంగతి రాయకపోతే, అందులో కనిపించని విషయాన్ని మౌలానా అసలు చెప్పనే లేదని చదువరి పొరబడవచ్చు.

మన ప్రాంతపు స్త్రీల మాటల కోసం స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను ఎంచుకున్నాము. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలు అందులో వారి నోటనే ఉన్నాయి. జమాలున్నీసా బాజీ కూడా వారిలో ఒకరు. ఇక్కడా పరిమితులు రాశాము: అవి దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాతి జ్ఞాపకాలు, అడిగిన ప్రశ్నలు ఉద్యమం గురించి, మతం గురించి కాదు. ఉద్యమంలోకి రాని కూలి స్త్రీ ఇందులోనూ కనిపించదు.

అందుచేత సూచి ముందు ఒక వాక్యం చేర్చాము: ‘మా జిల్లాల్లో పొలం పనిచేసిన ముస్లిం స్త్రీల గురించి ఈ సూచిలోని ఏ గ్రంథమూ చెప్పదు, ఇవి చెప్పనంత మాత్రాన వారు లేరని అర్థం కాదు.’

అది విని నానీమా తల ఊపారు. ఇన్‌షా అల్లాహ్, వచ్చే సెలవుల్లో ఆమె చెప్పేది తేదీ వేసి రాసుకుంటాము.