గడియ తనే వేసుకుంటుంది

బల్ల మీద ఎడమ నుంచి కుడికి వరసగా పెట్టి ఉన్నాయి: ఉతికిన డ్రాయరు, ప్యాడు, పాత పేపరు ముక్క, మూత ఉన్న డబ్బా, సబ్బు. పక్కన ఎర్రసిరా సీసా. ఉదయగిరి వైపు ఒక బడి ఆవరణలో, భవిత కేంద్రానికి ఇచ్చిన గది అది. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే ఈ కేంద్రాలకు ప్రత్యేక అవసరాలున్న పిల్లలు వస్తారు. రాలేని పిల్లల ఇళ్ళకు టీచర్లే వెళతారు. నెలసరి పాఠం ఎలా చెబుతారో చూద్దామని వెళ్ళాను.

నేను లోపల కూర్చోవచ్చో లేదో టీచరు నాకు చెప్పలేదు. ఆ పిల్లనే అడిగారు. పద్నాలుగేళ్ళది, ఒకసారి రెండు మూడు మాటలకు మించి మాట్లాడదు. నన్ను కాసేపు చూసి తలుపు పక్కనున్న కుర్చీ చూపించింది. పాఠం సగంలో ఉండగా మళ్ళీ నన్ను చూసి తలుపు వైపు చెయ్యి ఊపింది. టీచరు నవ్వి, "అడిగినాం కాబట్టి దాని మాట వినాల్సిందే, మీరు కాస్త బయట కూర్చోండి" అన్నారు. మిగతాదంతా వరండాలో కూర్చుని తర్వాత ఆవిడ నోట విన్నదే.

ప్యాడు మార్చుకోవడం మనకు ఒకటే పని. ఆ పిల్లకు మాత్రం పన్నెండు పనులు. సంచీ తీసుకోవడం, బాత్రూములోకి వెళ్ళడం, గడియ వేసుకోవడం, డ్రాయరు మోకాళ్ళ దాకా దించడం, తడిసిన ప్యాడు ఊడదీయడం, దాన్ని మడిచి పేపర్లో చుట్టడం, కొత్తదాని వెనక కాగితం లాగడం, సరైన చోట అంటించి ఒత్తడం, డ్రాయరు పైకి లాక్కోవడం, బట్టలు సర్దుకోవడం, పొట్లం డబ్బాలో వేయడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం. నేర్పేది మాత్రం చివరి నుంచి. మొదట్లో పదకొండు పనులకూ పెద్దవాళ్ళ సాయం ఉంటుంది, పిల్ల సొంతంగా చేసేది చేతులు కడుక్కోవడమొక్కటే. అది వచ్చాక పొట్లం డబ్బాలో వేయడం కూడా తనదే. అలా ఒక్కో పని వెనక్కి కలుపుతూ పోతారు. ముందు నుంచి నేర్పితే పిల్ల ఎక్కడో మధ్యలో చిక్కుకుపోయి, పని పూర్తి కాకుండానే విసుగొచ్చి వదిలేస్తుంది. చివరి నుంచి నేర్పితే ప్రతిసారీ పని పూర్తి చేసింది తనే అవుతుంది.

నెలలో ఐదు రోజులే ఉండే పనిని ఆ ఐదు రోజుల్లోనే నేర్పబోతే, ఈ నెల నేర్చుకున్నది వచ్చే నెలకు మరిచిపోతుంది. అందుకే బల్ల మీద రోజూ సాధన ఉంటుంది. ప్యాడు మీద నాలుగు చుక్కల ఎర్రసిరా వేసి, 'ఎరుపు కనిపిస్తే మార్చాలి' అని చేసి చూపిస్తారు. డ్రాయరు లోపల ప్యాడు అంటించాల్సిన మేర చుట్టూ తల్లి ఎర్రదారంతో కుట్టింది. ఆ కుట్టు లోపల అంటిస్తే సరి. ఈ పిల్ల ఇంట్లో కొయ్య స్పూన్లను ఉప్పు కాగితంతో నున్నగా రుద్దుతుంది. భౌగోళిక గుర్తింపు ఉన్న ఉదయగిరి కొయ్య స్పూన్ల పనే ఆ తల్లి జీవనాధారం. రుద్దాల్సినవి ఎడమ పక్క, రుద్దినవి కుడి పక్క పెట్టడం పిల్లకు అలవాటు. టీచరు అది గమనించే వస్తువులన్నీ ఎడమ నుంచి కుడికి పేర్చడం మొదలుపెట్టారు.

సాయం తగ్గించడానికీ ఒక వరస ఉంది. మొదట చేతి మీద చెయ్యి వేసి చేయిస్తారు, తర్వాత మోచేయి మాత్రం తాకుతారు, ఆ తర్వాత వేలితో చూపిస్తారు, చివరికి పక్కన ఊరికే నిలబడతారు. నోటితో చెప్పడం మాత్రం వీలైనంత తక్కువ. "తియ్యి, మడువు అని చెబుతా పోతే, ఆ మాట వినబడిందాకా కదలకుండా నిలబడిపోతారు. తాకడం మాన్పించొచ్చుగానీ మాట మాన్పించడం శానా కష్టం" అన్నారు టీచరు.

మొదటి రెండు నెలలూ ఈ పిల్ల ప్యాడు పెట్టిన పది నిమిషాలకే పీకి పారేసేదట. మొండితనం అనుకున్నారు. తొడ లోపలి వైపు ఎర్రగా చారలు చూశాక అసలు సంగతి బయటపడింది. డ్రాయరు వదులుగా ఉండటంతో ప్యాడు రెక్కలు బట్టకు కాకుండా ఒంటికి అంటుకుని, నడిచినప్పుడల్లా చర్మాన్ని లాగుతున్నాయి. బిగువైన డ్రాయరు, రెక్కలు లేని ప్యాడు వాడాక పీకడం ఆగింది. ఇంకా పెద్దమనిషి కాని పిల్లలకైతే ఈవిడ ముందే రోజుకో గంట పొడి ప్యాడు పెట్టి అలవాటు చేయిస్తున్నారు. తాకిడి పడని పిల్లలకు మెత్తటి గుడ్డ ప్యాడు నయం. అయితే దాన్ని సబ్బుతో ఉతికి ఎండలో దండెం మీద ఆరేయాలి. చీర కింద దాచి ఆరేస్తే తేమ పోక దురద పెడుతుంది.

ఎప్పుడు మార్చాలో తడిని బట్టి తెలుసుకోవడం ఈ పిల్లకు ఇంకా రాలేదు. అందుకని గంటకు ముడిపెట్టారు: నిద్ర లేవగానే, బడిలో అన్నం గంట కొట్టగానే, ఇంటికి రాగానే, పడుకోబోయే ముందు. పగటిపూట ఆరు గంటలకు మించి ఒకే ప్యాడు ఉండకుండా ఈ లెక్క సరిపోతుంది. నెత్తురు ఎక్కువ పోయే మొదటి రెండు రోజులు మధ్యలో ఒకసారి అదనం.

మూడో పని, గడియ. టీచరు అన్నిటికన్నా ఎక్కువ కష్టపడేది దాని దగ్గరే. స్నానానికీ మరుగుదొడ్డికీ ఎవరు వచ్చి బట్టలు విప్పినా ఊరుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటైన పిల్లకు, ఎవరు విప్పకూడదో ఎలా తెలుస్తుంది? అందుకే శుభ్రత పాఠంలోనే ఇదీ చెబుతారు. డ్రాయరు దించేది గడియ వేసిన గదిలోనే. లోపలికి రాదగిన వాళ్ళు ముగ్గురే: అమ్మ, అమ్మమ్మ, టీచరు. ఆ ముగ్గురి ఫొటోలు సంచీలో ఉన్నాయి. వాళ్ళు కూడా తలుపు తట్టి, "నేను పట్టుకోనా?" అని అడగాలి, జవాబు కోసం ఆగాలి. మెల్లగా ఆలోచించే పిల్ల కాబట్టి మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగుతారు. మూర్ఛ వచ్చే పిల్లలకు మాత్రం గడియ వద్దు. తలుపు దగ్గరగా వేసి, లోపల మనిషి ఉన్నట్టు గుర్తుకు బయట గొళ్ళానికి ఎర్ర రిబ్బను కట్టడం నేర్పుతారు.

వద్దంటే ఏం చేస్తారని అడిగాను. బట్టలు తడిసిపోతుంటే వదిలేయలేం కదా. ముందు వెనక్కి తగ్గి ఐదు నిమిషాలాగి మళ్ళీ అడుగుతారట. ఈసారి మార్చుకుంటావా లేదా అని అడగరు. ఇప్పుడా, అన్నం తిన్నాకా? అమ్మ రావాలా, నేను రావాలా? నిలబడతావా, కూర్చుంటావా? ఎలాగోలా మార్చాల్సిందే అయినా ఎలా అన్నది పిల్ల చేతిలోనే ఉంటుంది. ఎప్పుడూ సరేననే పిల్ల ఉన్నట్టుండి ఒక మనిషిని చూసి బెదిరినా, వేళకాని వేళ నెత్తురు కనిపించినా దాన్ని మొండితనం కింద కొట్టిపారేయరు. అనుమానం వస్తే పోలీసులకు తెలపడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అందరి బాధ్యత.

ఆత్మకూరు దగ్గర పల్లెలో ఇంటికే వెళ్ళి చూసిన అమ్మాయి కథ వేరు. పదిహేడేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ. కాళ్ళూ చేతులూ బిగుసుకుని ఉంటాయి, మాట రాదు. బుద్ధికి ఏ లోటూ లేదు. కళ్ళు పైకెత్తితే సరే, పక్కకు తిప్పితే వద్దు. ప్యాడు తనే మార్చుకోవడం ఈ అమ్మాయికి ఎప్పటికీ కుదరకపోవచ్చు. ఇక్కడ నేర్చుకోవాల్సింది మార్చేవాళ్ళే. తండ్రి చక్రాల కుర్చీలోంచి ఎత్తి మంచం మీద పడుకోబెట్టి బయటికి వచ్చేస్తాడు. తల్లి తలుపు వేసి, నడుము పైనుంచి దుప్పటి కప్పి, "పక్కకి తిప్పుతుండా" అని చెప్పి పక్కకు దొర్లిస్తుంది. మోకాళ్ళు లాగి విడదీయకూడదు. లాగేకొద్దీ కండరాలు ఇంకా బిగుస్తాయి. మోకాళ్ళ కింద దిండు పెట్టి మెల్లగా వంచితే వాటంతటవే సడలుతాయి. రోజంతా కూర్చునే ఉంటుంది కాబట్టి నెత్తురు వెనక్కి పారుతుంది. అందుకే పొడుగు ప్యాడును మామూలుకన్నా వెనక్కి జరిపి పెడతారు. ప్రతిసారీ తుంటి దగ్గర చర్మం చూస్తారు. ఎర్రబడ్డ చోట వేలితో ఒత్తి వదిలినప్పుడు తెల్లబడకపోతే అది పుండుకు మొదలు. ఆ పక్క బరువు పడకుండా చూసుకుని డాక్టరుకు చూపించాలి.

గోడ మీది క్యాలెండరులో తల్లి ఎర్ర చుక్కలు పెడుతోంది. నెలసరి రోజులతో పాటు చెయ్యి కొరుక్కున్న రోజు, అన్నం వద్దన్న రోజు కూడా గుర్తు వేస్తుంది. మూడు నెలలు చూశాక తెలిసింది, కొరుక్కోవడం ఎప్పుడూ చుక్కకు ముందు రోజే. అది కడుపునొప్పి. ఇప్పుడు డాక్టరు రాసిచ్చిన మాత్ర ఆ ముందు రోజు నుంచే వేస్తోంది. మూర్ఛలు ఉన్న పిల్లలకు అవి నెలసరి చుట్టూ ఎక్కువవుతున్నాయేమో కూడా ఇలాగే బయటపడుతుంది. ఏడు రోజులు దాటి పోతున్నా, గంటకో రెండు గంటలకో ప్యాడు నిండిపోతున్నా, అసలు నెల తప్పినా ఈ కాగితమే డాక్టరు ముందు సాక్ష్యం.

టీ ఇస్తూ ఆ తల్లి అడిగిన మాట ఇంకోటి ఉంది. "గర్భసంచి తీపిచ్చేస్తే ఈ బాధ ఉండదంట కదా మేడం? మా అక్కకి ముప్పై ఏళ్ళకే తీసేసినారు." గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, కాబట్టి ఆ ప్రశ్న ఆమెకు వింతగా తోచలేదు. 1994లో మహారాష్ట్రలోని శిరూర్ వసతి గృహంలో ఉన్న బుద్ధిమాంద్యం గల అమ్మాయిలకు పుణెలో గర్భసంచులు తీశారు. శుభ్రతే కారణంగా చెప్పారు. దేశమంతా గొడవైంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 10వ సెక్షను ప్రకారం, పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమైనా ఆ మనిషి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన అంగీకారం లేకుండా చేయకూడదు. అమ్మానాన్నల సంతకం చాలని ఆ సెక్షనులో లేదు. టీచరు ఇవేవీ ఎత్తకుండా ఆ తల్లినే అడిగారు: "ఆపరేషన్ అయినా రోజూ మరుగుదొడ్డికి మీరే కదమ్మా తీసుకుపోవాల? అప్పుడు పాపను ఎవరన్నా ఏమన్నా చేస్తే మనకు తెలిసే గుర్తు కూడా పోతాది." తర్వాత అమ్మాయి వైపు తిరిగి, గర్భసంచి తీయించమంటావా అని అడిగారు. అమ్మాయి కళ్ళు పక్కకు తిప్పింది. నెత్తురు నిజంగా ఎక్కువ పోతుంటే ముందు మందులు ఉన్నాయని, నెల్లూరులో గైనకాలజిస్టుకు క్యాలెండరు తీసుకెళ్ళి చూపిద్దామని అనుకున్నారు.

ఉదయగిరి పిల్లకు ఇప్పుడు పన్నెండులో తొమ్మిది వచ్చాయి. సంచీ తనంతట తనే గుర్తుపెట్టుకోవడం ఇంకా రాలేదు, గంట కొట్టాక ఎవరో ఒకరు చూపించాలి. కాగితం లాగడంలో ప్యాడు ఒక్కోసారి తిరగబడి, జిగురు పైకొస్తుంది. కాళ్ళు ఎడంగా పెట్టి నడిస్తే అదే జరిగినట్టు లెక్క. ఇంకోటి పిల్ల వల్ల కానిది కాదు. ఇంట్లో గడియ వేసుకుంటుంది గానీ, బడి మరుగుదొడ్డి తలుపుకు గడియే లేదు. ఆయాను బయట కాపలా పెట్టి నడిపిస్తున్నారు. వచ్చే నెలసరి లోపు కమ్మరిని పిలిచి, పిల్ల చేతికి అందే ఎత్తులో ఒక గడియ కొట్టించాలన్నది టీచరు పనుల్లో మొదటిది.