రెండు సాయంకాలాల అమావాస్య – ఒక సవినయ ఉత్తరపక్షం

మీమాంసాశాస్త్రం ప్రతి అధికరణానికీ విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అనే ఐదు అంగాలను చెబుతుంది. ఇందులో పూర్వపక్షానిది విశేషస్థానం. ఎదుటివారి వాదాన్ని వారు స్వయంగా అంగీకరించేంత బలంగా ప్రతిపాదించిన పిమ్మటనే మన మాట చెప్పాలి. ఆ క్రమం ఎంత ఆచరణయోగ్యమో 2024 దీపావళి సందర్భంలో నాకు అనుభవానికి వచ్చింది.

కరీంనగర్ ప్రాంతంలో దీపావళి అంటే లక్ష్మీపూజతో పాటు కేదారేశ్వర నోములు కూడా. ఆ సంవత్సరం రెండింటినీ అక్టోబరు 31, గురువారం సాయంకాలమే ఆలయంలో జరపాలని సమితి అధ్యక్షులు వాట్సాప్ బృందంలో ప్రకటించారు. క్షణాలలో నమస్కారముద్రలు వరుస కట్టాయి. నాకు నోముల విషయంలో మాత్రమే భిన్నాభిప్రాయం కలిగింది.

ముందుగా అధ్యక్షులకు ఫోన్ చేసి, "అయ్యా, ఒక మనవి ఉన్నది. మీ అనుమతితోనే బృందంలో ఉంచుతాను" అన్నాను. వయోవృద్ధులైన వారికి నలుగురి నడుమ ఆకస్మికంగా ప్రత్యుత్తరం ఇవ్వవలసిన స్థితి రాకూడదు. అలాగని నాతో ఏకీభవించేవారిని చాటున కూడగట్టడమూ ధర్మం కాదు. వారు "రాయండి పంతులుగారూ" అన్నారు.

నా సందేశం ఒక్కటే. అందులో మొదట వారి పక్షమే రాశాను: గురువారం సెలవు, మధ్యాహ్నం సుమారు 3.52కు ప్రవేశించిన అమావాస్య ఆ రాత్రి అంతా ఉంటుంది. రాత్రిపూజకు అది నిండు బలం. ఆ తరువాత నా పక్షం: శుక్రవారం సూర్యోదయం నుండి అమావాస్యే. మన ఊరిలో సూర్యాస్తమయం సుమారు 5.41కు, తిథ్యంతం 6.16కు. అస్తమయానంతరం ఒక ఘడియ, అనగా 24 నిమిషాలు, మించి అమావాస్య ఉంటే రెండవ దినమే గ్రాహ్యమని ధర్మసింధువు నిర్ణయం. ఇక్కడ సుమారు 35 నిమిషాలున్నది.

ఇంతటితో ఆపితే అది ఆక్షేపణ మాత్రమే అయ్యేది. అందుచేత ఏర్పాటును కూడా సూచించాను. లక్ష్మీపూజ ప్రకటించినట్లే గురువారం రాత్రి జరుగుతుంది. నోములు శుక్రవారం సాయంకాలం, కలశాలు, తోరాలు ఐదు గంటలకే సిద్ధం చేస్తాను, 5.45కు సంకల్పం, కథాశ్రవణం తిథి దాటినా కొనసాగుతుంది. ఇందులోని లోపాన్ని కూడా నేనే రాశాను: ఉద్యోగస్థులు ఆ వేళకు చేరుకోలేకపోవచ్చు. చివర "ఎల్లుండిలోగా పెద్దలు నిర్ణయించండి, ఏది నిర్ణయించినా నేను నిర్వహిస్తాను" అని ముగించాను.

ఒకరు "నోములు ఎప్పుడూ సెలవునాడే చేసుకున్నాం" అన్నారు. ఆ మాట విషయాన్ని గూర్చినదే కనుక సమాధానమిచ్చాను. మరొకరు "పంతులుగారికి ప్రతిదానిలోనూ దోషమే కనిపిస్తుంది" అన్నారు. అది వ్యక్తిని గూర్చినది కనుక మౌనం వహించాను. చర్చ విషయాన్ని విడిచి వ్యక్తి మీదికి మళ్ళినప్పుడు మరొక ప్రమాణవాక్యం చూపినా ప్రయోజనం శూన్యం.

నేను చూపిన లోపానికి పరిహారం అధ్యక్షులే సూచించారు: శుక్రవారం పగలంతా అమావాస్యే కదా, ఉద్యోగస్థులకు ఉదయం ఏడింటికే ఒక విడత పెడదామన్నారు. ఆ ఆలోచన నాకు తట్టలేదు. కొన్ని కుటుంబాలు కులాచారమని గురువారమే నోచుకున్నాయి. వారికీ తోరాలు నా చేతులతోనే ఇచ్చాను.