చివరి నోటీసులో లెక్క తప్పితే

కాలిఫోర్నియాలో ఇల్లు కొని, తర్వాత ఇంకో ఇంటికి మారి, పాతదాన్ని అద్దెకిచ్చుకున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అద్దెకుండేవాళ్లూ తరచు మనవాళ్లే. ఉద్యోగం పోయో మరో కారణంతోనో అద్దె ఆగిపోతే, మొహమాటం కొద్దీ నెలల తరబడి వాట్సాప్‌లో అడుగుతూ ఉంటారు. ఓపిక నశించాక ఒక పెద్ద ఉత్తరం రాస్తారు. అందులో అద్దెతో పాటు లేట్ ఫీజు, నీళ్ల బిల్లు, విరిగిన తలుపు, ఇచ్చిన మాట తప్పడం అన్నీ ఉంటాయి. చట్టం ఆ దశలో అడిగేది ‘మూడు రోజుల నోటీసు’ ఒక్కటే. అందులో బాకీ, గడువు, ఎక్కడ కట్టాలి, కట్టకపోతే ఏమవుతుంది అన్నవి తప్ప మరొక్క మాట ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ముందు మొత్తం సంగతి చూద్దాం. నెలకు 2,800 డాలర్ల అద్దె అనుకుందాం. మార్చిలో వెయ్యి మాత్రమే వచ్చింది, ఏప్రిల్, మే నెలలవి అసలు రాలేదు. అంటే మార్చికి 1,800, ఆపై రెండు నెలలకు 5,600, వెరసి 7,400. నెలకు 75 చొప్పున లేట్ ఫీజు, 180 నీళ్ల బిల్లు కలిపి 7,805 అని రాశారంటే నోటీసు అక్కడే దెబ్బతింటుంది. నివాస గృహాల విషయంలో నిజంగా రావలసిన అద్దె కంటే ఎక్కువ అడిగిన నోటీసు చెల్లదని అక్కడి కోర్టులు ఖచ్చితంగా చూస్తాయి. దుకాణాలకైతే అంచనా వేసి అడిగే వెసులుబాటుంది, ఇళ్లకు లేదు. ఏడాది దాటిన పాత బాకీని కూడా ఈ నోటీసులో అడగకూడదు. నెలల తరబడి అద్దె ఎగ్గొట్టిన మనిషి 405 డాలర్ల తేడా వల్ల బయటపడటం అన్యాయం కాదా అని ఓనర్లు అడుగుతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ నోటీసు ఒక కుటుంబానికి ఇచ్చే ఆఖరి అవకాశం. ఎంత కడితే ఇల్లు నిలబడుతుందో అందులో నిజం చెప్పకపోతే ఆ అవకాశం ఇచ్చినట్టే కాదు. పైగా మిగతా బాకీలేమీ పోవు. న్యాయంగా రావలసినవైతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో అడగవచ్చు.

గడువు లెక్కలోనూ ఇలాగే పొరబడతారు. నోటీసు ఇచ్చిన రోజు, శని ఆదివారాలు, కోర్టు సెలవులు లెక్కలోకి రావు. మే చివరి వారంలో మెమోరియల్ డేకి ముందు గురువారం నోటీసు చేతికిచ్చారనుకోండి. శుక్రవారం ఒకటో రోజు, సోమవారం సెలవు, మంగళవారం రెండోది, బుధవారం మూడోది. గురువారం కంటే ముందు కేసు వేస్తే తొందరపడినట్టే. డబ్బు ఎవరికి కట్టాలో పేరు, ఫోన్ నంబరు, చిరునామా రాయాలి. నేరుగా తెచ్చి ఇవ్వవచ్చు అంటే ఏ రోజుల్లో, ఏ వేళల్లో ఉంటారో కూడా చెప్పాలి. ఇక వాట్సాప్ మెసేజ్ ఎంత స్పష్టంగా ఉన్నా నోటీసు ఇచ్చినట్టు కాదు.

తర్వాతి చర్య గురించి రాసే వాక్యం చాలా చిన్నది: ‘గడువులోగా 7,400 డాలర్లు కట్టండి, లేదా ఇల్లు ఖాళీ చేయండి, రెండూ చేయకపోతే అద్దె ఒప్పందం రద్దయినట్టు భావించి, ఇల్లు స్వాధీనం చేయమని కోర్టులో కేసు వేస్తాను.’ తాళం మారుస్తాననో కరెంటు తీయిస్తాననో రాయడం తన మెడకు తానే ఉరి బిగించుకోవడం. కేసు గెలిచాక కూడా ఖాళీ చేయించేది షెరీఫే. హెచ్1బీ మీద ఉన్నవాళ్లని వీసా సంగతి అధికారులకు చెబుతానని బెదిరించడం అక్కడ చట్టవిరుద్ధం. చట్టం లేకపోయినా అది నీచమైన పని అనే నేను అంటాను.

సాటి తెలుగువాడికి లీగల్ నోటీసేమిటి, కూర్చుని మాట్లాడుకోలేమా అన్నది ఇంకో అభ్యంతరం. మాట్లాడుకోవలసిందే, కానీ నోటీసుకు ముందే. బాకీ ఎంతో, ఎప్పటిలోగానో చెప్పని మెత్తని మెసేజ్‌లను నమ్ముకుని అద్దెకున్నాయన ఇంకో నెల గడిపేస్తే బాకీ 10,200 అవుతుంది. మూడు రోజుల్లో 7,400 తేగలిగినవాళ్లకే అది కష్టం. నోటీసు తర్వాత ఆయన రెండు వేలు తెచ్చి ఇస్తే మొహమాటపడి తీసుకోవడం మామూలే. తీసుకున్నాక పాత నోటీసు మీద కేసు నిలబడటం కష్టం. తగ్గిన మొత్తం 5,400కి మళ్లీ కొత్త నోటీసు ఇచ్చి, మూడు రోజులూ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి. తీసుకోదలిస్తే మిగతాది ఏ తేదీకి ఎంతో కాగితం మీద రాసుకుని, ఇద్దరూ సంతకం చేసి తీసుకోవాలి.