విప్పకముందే చెప్పిన ధర

గత నెలలో మా ఫోను ఛార్జింగు ఎక్కడం మానివేసింది. వైరును ఒక పక్కకు వంచి పట్టుకుంటే ఎక్కేది, వదిలితే ఆగిపోయేది. ప్రయాణంలో తారసపడిన ఒక దుకాణంలో చూపించగా అతడు దానిని విప్పనైనా విప్పక, మదర్‌బోర్డు పోయింది, మూడు వేలవుతుందని తేల్చివేశాడు. నాలుగేళ్ళ ఫోనుకు అంత ఖర్చు తగదనుకొని వెనుదిరిగాము.

చాగలమర్రికి వచ్చాక బజారులోని ఒక చిన్న దుకాణానికి వెళ్ళాము. ఆ యువకుడు మా మదరసాలో చదివినవాడు కాడు, కనుక మొహమాటానికి తావు లేదు. అతడు మొదట తన ఛార్జరును, తన వైరును పెట్టి చూశాడు. నడుమ వేలెడంత మీటరు ఒకటి తగిలించాడు. వైరును వంచినప్పుడు అందులో అంకె ఒకటిన్నర ఆంపియర్లకు ఎక్కి, వదలగానే సున్నాకు పడిపోయింది. తరువాత ఫోను ఆపివేసి, ఛార్జింగు రంధ్రంలోనుంచి సన్నని ప్లాస్టిక్ పుల్లతో నూలుపీచు తీశాడు. అదంతా మా జుబ్బా జేబు సొమ్మే! అయినా వదులు పూర్తిగా పోలేదు.

"హజ్రత్, మెయిన్‌బోర్డు పోయివుంటే వైరు వంచినంత మాత్రాన ఇంత కరెంటు తీసుకోదు. కింద ఛార్జింగు పిన్ను ఉండే చిన్న బోర్డు వేరే ఉంటుంది, అరిగింది అదే" అన్నాడు.

కాపీ సరుకు రెండు వందలు, కంపెనీది నాలుగు వందల యాభై, కూలి నూట యాభై అని విప్పకముందే చెప్పాడు. తేడా ఏమిటని అడిగాము. కాపీ బోర్డుతో ఛార్జింగు ఎక్కుతుంది గానీ ఫాస్ట్ ఛార్జింగు రాకపోవచ్చునట. మా ఫోనులో మైకు కూడా ఆ బోర్డు మీదనే ఉన్నందున మాట మసకబారవచ్చునట. ఫిఖ్హ్ పాఠంలో, సరుకు లోపాన్ని అమ్మేవాడు దాచరాదని, దాచితే కొన్నవానికి తిరిగి ఇచ్చే హక్కు ఉంటుందని పిల్లలకు చెబుతుంటాము. ఇక్కడ కొనేవానికి లోపం కంటికి కనిపించనే కనిపించదు. చెప్పేవాని నోటినే నమ్మాలి. మేము కంపెనీదే వేయించుకున్నాము. అరిగిన పాత బోర్డును అడగకుండానే మా చేతిలో పెట్టాడు.

ఒక్కచోట మాత్రం మాకు తృప్తి కలుగలేదు. రసీదులో మూడు నెలల వారంటీ, నీళ్ళు పడినా కిందపడి పగిలినా వర్తించదు అని ఉన్నది గానీ, వేసినది ఏ రకమో లేదు. రేపు అది చెడితే కాపీది వేసి వారంటీ తీర్చినాననవచ్చు గదా! పట్టుబట్టి "కంపెనీ బోర్డు" అని రాయించుకున్నాము. అక్కడే ఇంటికి ఫోను చేసి మాట కూడా పరీక్షించి ఉండవలసింది. ఆ సంగతి మరచాము.

పది రోజులకు, మా గొంతు అవతలివారికి బావిలోనుంచి వస్తున్నట్లున్నదని ఇంట్లో అన్నారు. రసీదు పట్టుకొని వెళ్ళాము. విప్పి చూస్తే మైకు ముందుండే చిన్న రబ్బరు పక్కకు జరిగి రంధ్రాన్ని సగం మూసివున్నది. "బిగించడంలో తప్పు నాదే, హజ్రత్" అని సరిచేసి, డబ్బు తీసుకోలేదు. ఈసారి దుకాణం మెట్టు దిగకముందే ఇంటికి ఫోను చేశాము.