కారణం ఇంటిది... లాభం ఆఫీసుది!

ఇంట్లో కష్టం వచ్చి, ఉద్యోగం మానకుండా వేరే ఊరి ఆఫీసుకి మారాలనుకునే ఆడవాళ్ళు మనలో ఎందరో! నోటితో అడిగితే "చూద్దాం లెండి" అంటారు. కాగితం మీద ఎలా అడగాలన్నదే అసలు చిక్కు. నేను అడిగిన తీరు చెబుతాను, మీకో, మీ ఇంట్లో ఉద్యోగం చేసే అమ్మాయికో పనికొస్తుందేమో చూడండి.

నాది హైదరాబాదులో మిక్సీలు, గ్రైండర్లు అమ్మే ఒక కంపెనీలో లెక్కల పని. మా అత్తయ్యగారు విశాఖపట్నంలో ఉంటారు. కిందటి ఏడాది ఆవిడకు కిడ్నీలు దెబ్బతిని వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది. ఒక్కోసారీ నాలుగు గంటలు. అయ్యాక బి.పి. పడిపోయి కళ్ళు తిరుగుతాయి, పక్కన మనిషి ఉండి తీరాలి. మామయ్యగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. మావారిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం, అబ్బాయి హాస్టల్లో. ఇక మిగిలింది నేనే కదా!

అర్జీ రాసేముందు మా మేనేజరుగారితో మాట్లాడాను. ఆయన్ని దాటి పైవాళ్ళకి రాస్తే, సాయం చేసే మనిషే అడ్డం తిరుగుతారు. ఆయన సానుభూతిగా విన్నారు గానీ, "పైవాళ్ళు నన్నడిగేది ఒకటేనమ్మా, మనకేం లాభమని!" అన్నారు. అక్కడే నాకు దారి దొరికింది. ఆ ప్రశ్నకి ఆయన చెప్పాల్సిన జవాబు నా అర్జీలోనే ఉండాలన్నమాట.

ఇంటి సంగతికి మూడే వాక్యాలు కేటాయించాను: "మా అత్తగారికి సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం ఆరు నుంచి పది వరకు డయాలసిస్. తోడుండవలసింది నేనే. కాగితాలు అడిగితే చూపగలను." రిపోర్టులన్నీ జతచేయలేదు. ఆవిడ జబ్బు ఆఫీసంతా చదవనక్కర్లేదు కదా.

తరువాతి పేరా అంతా ఆఫీసు గురించే. నేను చూసే అరవైనాలుగు మంది డీలర్లలో ఇరవైమూడు మంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపువాళ్ళు. వాళ్ళ బిల్లుల్లో తేడా వస్తే తేల్చడానికి నెలనెలా ఇక్కడినుంచి ఒకరు వెళ్ళి మూడు రోజులు లాడ్జిలో ఉండాలి. నేనక్కడే ఉంటే ఆ ప్రయాణం ఖర్చు మిగులుతుంది, తేడా అదే వారంలో తేలుతుంది. విశాఖలో ఖాళీ లేదని తెలుసు. అందుకే కొత్త పోస్టు అడగకుండా, ఇప్పుడు చేస్తున్న పనినే అక్కడ కూర్చుని చేస్తానని రాశాను. మిగతా నలభై ఒక్క మంది ఖాతాలు ఎవరికి అప్పగించవచ్చో, నేర్పడానికి మూడు వారాలు చాలనీ రాశాను. డయాలసిస్ రోజుల్లో పదకొండుకి వచ్చి ఏడింటిదాకా ఉంటానన్నాను. ఇది దాచిపెడితే తరువాత గొడవే!

ఇక తేదీ. "వెంటనే" అంటే దీపావళి అమ్మకాల ముందు ఎవరూ వదలరు. "ఎప్పుడైనా సరే" అంటే ఫైలు నిద్రపోతుంది. అందుకని, "నవంబరు 15 నుంచి జనవరి 31 లోపు మీకు వీలైన ఏ రోజైనా సరే. ఇల్లు ఖాళీ చేయడానికి నెల గడువు కావాలి కనుక, సెప్టెంబరు నెలాఖరుకి నిర్ణయం తెలియజేయగలరు" అని రాశాను. జనవరి దాకా అక్కడ తోడుండటానికి మా ఆడపడుచు ఒప్పుకుంది కాబట్టే ఆ గడువు ఇవ్వగలిగాను. మీరు కూడా నిజంగా ఆగగలిగినంతే రాయండి. ఇవ్వకపోతే ఉద్యోగం మానేస్తానని మాత్రం రాయకండి. సరేనంటే ఏం చేస్తారు?

ఫైలు కదులుతోందో లేదో తెలుసుకోవడం సులువే. "చూద్దాం" దగ్గరే ఆగితే కదలనట్టు. "మీ ఖాతాలు ఎవరికి ఇద్దాం?" అని అడిగారంటే కదిలినట్టు. నాకా ప్రశ్న ఆగస్టు చివర్లో వచ్చింది. డిసెంబరు 1న విశాఖలో చేరాను.

అంతా లాభమేనని మాత్రం అనుకోకండి. ఆర్డరులో "స్వంత కోరికపై" అని ఉంది కనుక సామాను లారీ ఖర్చు మాదే. పెద్ద నగరానికిచ్చే ఇంటి అద్దె భత్యం కూడా కాస్త తగ్గింది. ప్రభుత్వోద్యోగంలోనూ స్వంత కోరికపై వెళితే బదిలీ ఖర్చులు మామూలుగా ఇవ్వరు. కొన్ని శాఖల్లో సీనియారిటీ కూడా పోతుంది. అందుకే సంతకం పెట్టేముందు జీతం, సీనియారిటీ, పని వేళలు ఈ మూడూ ఆర్డరులో ఎలా ఉన్నాయో చదువుకోండి. నా పదకొండు గంటల ఏర్పాటు మొదటి ఆర్డరులో లేదు. అడిగి రాయించుకున్నాను. మేనేజర్లు మారినా ఆ కాగితం మారదు కదండీ!