ఏడుపు ఆగితే తగ్గినట్టు కాదు: కృష్ణానగర్‌లో ఒక రాత్రి



మా గూడెం నుంచి వచ్చిన అన్నావదినలు కృష్ణానగర్‌లో ఒక్క గదిలో అద్దెకు ఉంటారు. అన్న షూటింగుల్లో లైట్‌బాయ్. తెల్లారకముందే బండి ఎక్కితే రాత్రి ఎప్పుడొస్తాడో తెలియదు. వాళ్ల బాబుకు ఇరవై నెలలు, బరువు పది కిలోలు. మొన్న వేసవిలో ఒక రోజు రాత్రి ఎనిమిదిన్నరకు వదిన ఫోన్ చేసింది. "సాయంత్రం నాలుగు నుంచి ఐదుసార్లు కక్కిండు. ఏం తాగినా నిలుస్తలేదు, జర రండ్రా" అంది. అన్న ఊర్లో లేడు. హాస్టల్ నుంచి మేం ముగ్గురం పోయాం.

పోయేసరికి బాబు దాహం దాహం అని గ్లాసుకు చేతులు చాస్తున్నాడు. వదిన గ్లాసు నిండా నీళ్లు ఇచ్చింది. గటగటా తాగాడు, రెండు నిమిషాలకు మొత్తం బయటికి వచ్చింది. మేమూ అదే చేసేవాళ్లమే. దాహంగా ఉన్న పిల్లవాడికి నీళ్లు ఇవ్వకుండా ఎవరుంటారు?

మాలో ఒకడు మెడికల్ షాపుకు ఉరికి ఓఆర్ఎస్ అడిగాడు. షాపాయన పండ్ల రసం లాంటి ఒక తియ్యటి డబ్బా చేతిలో పెట్టాడు. దాని పేరులోనే ఓఆర్ఎస్ అక్షరాలున్నాయి. నర్సింగ్ చదివే మా సీనియర్ అక్కకు ఫోన్ చేస్తే "దాని వెనక రాసింది చదువు" అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఎక్కడా లేదు. అలాంటి వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. ఎక్కువ చక్కెర పేగుల్లోకి ఇంకా నీళ్లను లాగి విరేచనాలు పెంచుతుంది. ఇదే విషయం మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడారు. 2025 అక్టోబర్ 14న ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆ ఫార్ములా లేని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశం ఇచ్చింది. అయినా షాపులో అడిగేటప్పుడు పొడి ప్యాకెట్ అడగండి, వెనక చదవండి.

వాడు మళ్లీ పోయి పొడి ప్యాకెట్ తెచ్చాడు. లీటరు నీళ్లకు ఒక ప్యాకెట్ అని దాని మీద ఉంది. కాచి చల్లార్చిన నీళ్లు లీటరు సీసా నిండా పోసి ప్యాకెట్ మొత్తం కలిపాం. కొంచెం పొడి గ్లాసులో వేసి ఇద్దామని వదిన అంటే అక్క గట్టిగా వద్దంది. నీళ్లు తక్కువైతే ఉప్పు ఎక్కువై పిల్లవాడికి అదే ప్రమాదం. చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి, వాటికి నీళ్లు తక్కువ. దేనికి ఎంతో దాని మీదే చూడాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. గూడెంలో అయితే ఆశా అక్క దగ్గర ప్యాకెట్ దొరుకుతుంది. అది కూడా లేని చోట లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న టీ చెంచాతో, కుప్పగా కాదు, అంచు దాకా సమంగా కొలవాలి.

అక్క చెప్పిన పద్ధతి ఇది. కక్కిన తర్వాత పది నిమిషాలు ఏమీ ఇవ్వొద్దు. తర్వాత రెండు నిమిషాలకు ఒక చిన్న చెంచా. "కడుపు ఇప్పుడు రేగి ఉన్నది. ఒక్కసారి నిండితే తన్నేస్తది. చెంచాడైతే దానికి తెలియకుండానే పేగులోకి జారిపోతది" అంది. పేగులో గ్లూకోజు, ఉప్పు కలిసి లోపలికి పోతూ తమతో నీళ్లనూ తీసుకుపోతాయట. అందుకే ఉత్త నీళ్లు, ఉత్త గ్లూకోజు ఆ పని సరిగ్గా చేయలేవు. చెంచా అంటే 5 మిల్లీలీటర్లు. రెండు నిమిషాలకొకటి ఇస్తే గంటకు 150. ఒంట్లో నీళ్లు కొంత తగ్గిన పిల్లలకు నాలుగు గంటల్లో కిలోకు 75 మిల్లీలీటర్లు ఇవ్వాలి. పది కిలోల బాబుకు 750. చెంచాలతో నాలుగు గంటల్లో 600 అవుతుంది. నిలిచాక కొంచెం పెంచితే సరిపోతుంది.

తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాం. ఒకడు ఫోన్‌లో టైం చూస్తాడు, ఒకడు చెంచా పడతాడు, ఒకడు రాస్తాడు. పదింటికి బాబు మళ్లీ కక్కాడు. పనిచేయలేదని భయపడ్డాం. అక్క మాత్రం "పది నిమిషాలు ఆగి ఈసారి మూడు నిమిషాలకొకటి ఇయ్యండి" అంది. అట్లనే ఇచ్చాం, నిలిచింది. తల్లిపాలు ఆపాలా అని వదిన అడిగితే ఆపొద్దంది, కొద్దికొద్దిగా పట్టమంది. వాంతుల సిరప్ డాక్టర్ చెప్పకుండా పోయొద్దంది.

అర్ధరాత్రి నుంచి విరేచనాలు మొదలయ్యాయి. గంటన్నరలో మూడుసార్లు నీళ్లలా పోయాయి. ఒంటిగంటన్నరకు బాబు ఏడవడం ఆపేశాడు. "హమ్మయ్య, తగ్గింది, పడుకున్నడు" అనుకున్నాం. మా తప్పు అక్కడే జరిగింది.

అక్క ఫోన్‌లో మొదట అడిగింది వాంతుల గురించి కాదు. "ఉచ్చ ఎప్పుడు పోసిండు?" వదిన ఆలోచించి "సాయంత్రం ఐదింటికి" అంది. అంటే ఎనిమిదిన్నర గంటలు. డైపర్ వేసి ఉండటంతో విరేచనం తడి చూసి ఉచ్చ అనుకున్నాం. (డైపర్ తీసి పాత కాటన్ గుడ్డ వేస్తే తేడా తెలుస్తుంది.) తర్వాత కళ్లు చూడమంది. లోపలికి పోయి గుంటలు పడ్డాయి. నోరు, నాలుక పొడిగా ఉన్నాయి. బొడ్డు పక్కన చర్మం వేళ్లతో పట్టి వదలమంది. మంచిగా ఉన్న పిల్లవాడికి వెంటనే సర్దుకుంటుంది. బాబుకు మడత నెమ్మదిగా పోయింది. ఆ మడత రెండు సెకన్లు దాటి నిలిస్తే చాలా ప్రమాదం అంది. లేపితే కళ్లు తెరిచి మళ్లీ మూశాడు. చెంచా నోట్లో పెడితే మింగలేదు, పక్కకు కారిపోయింది. నిద్రపోయే పిల్లవాడిని లేపితే చిరాకు పడతాడు, ఏడుస్తాడు. వీడు లేవలేకపోతున్నాడు.

"ఇంక పట్టకండి, గొంతుకు అడ్డం పడతది. బయలుదేరండి" అంది. ఆటోలో నిలోఫర్ పోయాం. ఆటో దొరకకపోతే 108కు చేసేవాళ్లం. అక్కడ డాక్టర్లు అడిగినవన్నీ మేం రాసుకున్నవే. ఎన్ని వాంతులు, ఎన్ని విరేచనాలు, ఏం ఇచ్చారు, చివరి ఉచ్చ ఎప్పుడు. సెలైన్ పెట్టారు. తెల్లారాక ఉచ్చ పోశాడు, తర్వాత నీళ్లు అడిగాడు. వదిన అప్పుడు ఏడ్చింది.

చెంచా మోసం చేయలేదు. వాంతులకు అది పనిచేసింది. కానీ విరేచనాల్లో పోయేది మేం పోసేదాన్ని దాటిపోయింది, మేం దాన్ని లెక్క పెట్టలేదు. పోసే చెంచాలతో పాటు ఉచ్చ టైం కూడా అదే కాగితంలో రాసి ఉంటే పదకొండు గంటలకే, ఆరు గంటలు దాటిందని తెలిసేది. మగతలోకి పోకముందే బయలుదేరేవాళ్లం.

ఆరు నెలల లోపు బిడ్డ అయితే చెంచాల లెక్క దాకా ఆగొద్దు, ముందే చూపించాలి. వాంతి ఆకుపచ్చగా వచ్చినా, రక్తం కనబడినా, పొట్ట ఉబ్బి గట్టిగా ఉన్నా, ఇచ్చిన ప్రతి చెంచా కక్కేస్తున్నా, కన్నీళ్లు రాకుండా ఏడుస్తున్నా అంతే. మన గూడేల నుంచి ఆస్పత్రికి గంటలు పడుతుంది కాబట్టి మనం ఇంకా ముందే కదలాలి. బిడ్డ తెలివిగా ఉండి మింగుతుంటే దారి పొడవునా సీసా, చెంచా చేతిలోనే ఉంచి పడుతూ పోవాలి.

ఊర్లో ఇప్పుడు అక్కలకు, వదినలకు ఫోన్ చేసినప్పుడు మేం ముగ్గురం మొదట ఇదే చెబుతున్నాం: బిడ్డ ఏడుపు ఆపితే సంతోషపడకముందు ఒకసారి లేపి చూడండి.